కంటి శిబిరం పోస్టరు చూపు మందగించినవారికి అందాలంటే: రంగులు, ఆల్ట్ టెక్స్ట్, క్యాప్షన్లు ఎలా అమర్చాలి

మా కాలనీ సంఘం ఉచిత కంటి పరీక్షల శిబిరం పెట్టినప్పుడు పోస్టరును, దానితోపాటు 48 సెకన్ల వీడియోను తయారుచేసే పని నా మీద పడింది. లేత ఆకుపచ్చ నేపథ్యం మీద పసుపు అక్షరాలతో శీర్షిక పెట్టి, తేదీని ఎర్రగా వేసి, కాలనీ గ్రూపులో పంపించాను. చాలామంది బాగుందన్నారు. సాయంత్రం మా వీధి చివర ఉండే రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి, "పోస్టరు వచ్చింది బాబూ, ఏదో పచ్చగా ఉంది. అందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పు" అన్నారు. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. ఎవరికోసం శిబిరం పెట్టామో వారే చదవలేని పోస్టరును నేను చేశానన్నమాట.

ఆ పోస్టరును, ఆ వీడియోను మళ్లీ మొదటినుంచి ఎలా చేశానో ఆ వరుసలోనే ఇక్కడ చెబుతున్నాను. మీ పోస్టు చీరల అమ్మకానిదైనా, గ్రంథాలయ సభదైనా పద్ధతి ఇదే.

మొదటి పని: వివరాలను బొమ్మలోంచి బయటికి తీయండి

చూపు లేనివారు ఫోన్‌ను స్క్రీన్ రీడర్ సాయంతో వాడతారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, విండోస్ కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ ఇలాంటివే. ఇవి తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తాయి. పోస్టరులో మీరు రాసినది మనకు అక్షరాల్లా కనిపించినా, ఫోన్‌కు అది రంగు చుక్కల గుంపు మాత్రమే. అందువల్ల తేదీ, సమయం, స్థలం, ఎవరు రావచ్చు, ఏమి తెచ్చుకోవాలి అనే వివరాలన్నీ పోస్టరు కింద మామూలు అక్షరాల్లో మళ్లీ టైపు చేయండి. చూపు తక్కువగా ఉన్నవారు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుని చదువుకుంటారు. అలా పెంచినప్పుడు పెరిగేది ఈ టైపు చేసిన భాగమే.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. డీటీపీ వారి దగ్గర పోస్టరు చేయించుకుంటే, వారు చాలాసార్లు యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కూర్చి ఇస్తారు. ఆ ఫైలులోంచి వాక్యాన్ని తెచ్చి పోస్టులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన కలగాపులగం వస్తుంది. స్క్రీన్ రీడర్ దానిని అలాగే చదువుతుంది. డీటీపీ ఫైలు నుంచి కాపీ చేయకుండా, ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో మళ్లీ టైపు చేసుకోవడమే సులువు. ఇంగ్లీషు మాటలను అలంకారంగా చూపించే "స్టైలిష్" అక్షరాల జోలికి కూడా పోకండి. అవి గణిత సంకేతాల కోసం ఏర్పరచిన అక్షరాలు కనుక, వాటిని స్క్రీన్ రీడర్లు కొన్నిసార్లు వదిలేస్తాయి, కొన్నిసార్లు ఒక్కొక్క గుర్తు పేరునూ చదువుకుంటూ పోతాయి.

ఫోన్ నంబరును పది అంకెలూ కలిపి రాయకుండా, మధ్యలో ఖాళీ వదిలి అయిదేసి అంకెలుగా రాయండి. కలిపి రాస్తే దానిని వందల కోట్ల సంఖ్యగా చదివే గొంతులు కూడా ఉన్నాయి.

రంగులను కంటితో కాకుండా లెక్కతో తేల్చుకోండి

అక్షరం రంగుకూ వెనకనున్న రంగుకూ మధ్య వెలుగులో ఎంత తేడా ఉందో చెప్పే లెక్కను కాంట్రాస్ట్ నిష్పత్తి అంటారు. రెండు రంగులూ ఒకటే అయితే అది 1. తెలుపు మీద నలుపు అయితే 21. వెబ్ పేజీల అందుబాటు కోసం ప్రపంచమంతటా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం, మామూలు అక్షరాలకు ఇది కనీసం 4.5 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3 ఉన్నా సరిపోతుంది. పోస్టరు విషయంలో ఆ 3 అనే సడలింపును నేను వాడుకోను. కంప్యూటర్‌లో పెద్దగా కనిపించిన అక్షరం ఫోన్‌లోకి వచ్చేసరికి చిన్నదైపోతుంది కనుక, అన్నింటికీ 4.5 అనే గీతనే పెట్టుకోండి.

లెక్క మీరు చేయనక్కరలేదు. నెట్‌లో WebAIM Contrast Checker అని వెతికి తెరిస్తే రెండు గడులు కనిపిస్తాయి. ఒకదానిలో అక్షరం రంగు కోడును, రెండోదానిలో నేపథ్యం రంగు కోడును ఇస్తే నిష్పత్తి వెంటనే వస్తుంది. పోస్టరు చేసే యాప్‌లో రంగును ఎంచుకున్న చోటే # గుర్తుతో మొదలయ్యే ఆరు అక్షరాల కోడు ఉంటుంది.

నా పాత పోస్టరులో నేపథ్యం `#90EE90`, శీర్షిక పసుపు `#FFFF00`. నిష్పత్తి దాదాపు 1.3 వచ్చింది, అంటే దాదాపు ఏమీ లేనట్టే. నన్ను ఆశ్చర్యపరిచింది తేదీకి వాడిన ఎరుపు. `#FF0000` కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది కనుక అది బాగానే ఉంటుందనుకున్నాను; లెక్క 2.8 అని చూపించింది. ఎరుపు మనకు ప్రస్ఫుటంగా కనబడేది రంగు తేడా వల్లనే తప్ప వెలుగు తేడా వల్ల కాదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని కళ్లకు ఆ రంగు తేడా కూడా మిగలదు. నేపథ్యాన్ని మార్చకుండానే శీర్షికను ముదురు నీలం `#000080` చేస్తే నిష్పత్తి 11 దాటింది. తేదీని మెరూన్ `#8B0000` చేస్తే 7 వచ్చింది. పోస్టరు అందమేమీ తగ్గలేదు.

ఫోటో మీద నేరుగా అక్షరాలు వేస్తే ఏ లెక్కా నిలవదు, ఎందుకంటే ఒక అక్షరం వెనక ఆకాశం ఉంటుంది, పక్క అక్షరం వెనక చెట్టు ఉంటుంది. అక్షరాల కింద ఒకే రంగు పట్టీ వేయండి. పట్టీకి బదులు అక్షరాల చుట్టూ లావుపాటి అంచు గీయడం మన పోస్టర్లలో బాగా అలవాటు, కానీ తెలుగు లిపికి అది పనికిరాదు. ఆ అంచు గుడులలోకి, వత్తులలోకి, అక్షరాల మధ్య సందుల్లోకి చొచ్చుకుపోయి వాటిని పూడ్చేస్తుంది. ద, ధ, థ ల తేడా అంతా ఒక చిన్న గీతలోనో చుక్కలోనో ఉంటుంది. అది పూడిపోతే మూడూ ఒకటే.

అక్షరాల సైజుకు కూడా ఒక లెక్క చెబుతాను. పోస్టరు వెడల్పు 1080 పిక్సెళ్లు, ఫోన్ తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు అనుకుంటే, 30 పిక్సెళ్ల అక్షరం తెర మీద 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఎత్తులో కనిపిస్తుంది. ఆ ఎత్తులోనే తలకట్టు, అక్షరం, వత్తు మూడూ ఇమడాలి. నేను 48 పిక్సెళ్లకు తగ్గించను. అప్పుడు 3 మిల్లీమీటర్లు దాటుతుంది. దానివల్ల చోటు చాలకపోతే, పోస్టరులో మాటలు ఎక్కువయ్యాయని అర్థం. వివరాలు ఎలాగూ కింద టైపు చేస్తున్నారు కనుక, అతిథుల పేర్ల జాబితాను అక్కడికి పంపించండి. దానికి ఎవరైనా నొచ్చుకుంటే ఆ సర్దుబాటు మీదే!

ఆల్ట్ టెక్స్ట్: బొమ్మకు బదులుగా వినిపించే మాట

ఆల్ట్ టెక్స్ట్ అంటే బొమ్మకు జతచేసే వివరణ. మామూలుగా అది తెర మీద కనిపించదు. స్క్రీన్ రీడర్ ఆ బొమ్మ దగ్గరకు వచ్చినప్పుడు వినిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో ఫోటోను ఎడిట్ చేసే చోట Alternative text అనీ, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు చేసేముందు వచ్చే అదనపు సెట్టింగులలో Write alt text అనీ, ఎక్స్‌లో బొమ్మ మీద ALT అనీ ఉంటుంది. మీరు ఏమీ రాయకపోతే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సొంతంగా ఏదో ఒకటి తగిలిస్తాయి, కానీ "ఒక వ్యక్తి, అక్షరాలు ఉండవచ్చు" అన్న ధోరణిలో ఉండే ఆ వివరణతో శిబిరం ఎప్పుడో ఎవరికీ తెలియదు. వాట్సాప్‌లో ఇలాంటి గడి లేదు కనుక, అక్కడ బొమ్మ కింద రాసే సందేశంలోనే వివరణను కలపండి.

నేను మొదట రాసిన ఆల్ట్ టెక్స్ట్ "కంటి శిబిరం పోస్టరు చిత్రం" అన్న నాలుగు మాటలు. ఇందులో చివరి మాట దండగ, ఎందుకంటే అది బొమ్మ అని స్క్రీన్ రీడరే ముందు చెబుతుంది. మిగిలిన మూడు మాటలలో ఉపయోగపడే సంగతి ఏదీ లేదు. రెండోసారి అటువైపు మరీ ఎక్కువకు పోయి, ఆకుపచ్చ నేపథ్యాన్ని, మూలనున్న తామరపువ్వును, అంచుల డిజైనును కూడా వర్ణించాను. వినేవారికి అవేవీ అక్కరలేదు. చివరికి నిలిచినది ఇది:

"ఉచిత కంటి పరీక్షల శిబిరం పోస్టరు. నవంబరు 16, ఆదివారం, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు, కాలనీ కమ్యూనిటీ హాలులో. ఫోటోలో ఒక వైద్యురాలు పరికరంతో పెద్దావిడ కంటిని పరీక్షిస్తున్నారు. మిగతా వివరాలు పోస్టులో ఉన్నాయి."

ఇందులోని వరుసను గమనించండి. మొదట ఇది ఏమిటో, తరువాత ఎప్పుడో, ఎక్కడో, ఆ తరువాతే ఫోటోలో ఎవరున్నారో వచ్చాయి. వినేవారు మధ్యలో ఆపి ముందుకు వెళ్లిపోయినా కావలసినది అప్పటికే వినేసి ఉంటారు. ఈ పోస్టరులో ఫోటో అలంకారమే కనుక దానికి ఒక వాక్యం చాలు. అదే చీర ఫోటో అయితే లెక్క తిరగబడుతుంది: రంగు, అంచు వెడల్పు, బుటా, కొంగు పనితనం, ఇవే అసలు సమాచారం. ఏది రాయాలో తేల్చుకోవడానికి నా పద్ధతి ఒక్కటే. ఆ పోస్టును ఫోన్‌లో మా అక్కకు నోటితో చెప్పాలంటే ఏ మాటలు వాడతానో అవే రాస్తాను.

వీడియోకు క్యాప్షన్లు

వీడియోలో మాట్లాడినది వైద్యుడు. వినికిడి లేనివారికి ఆయన పెదవులు కదలడం తప్ప ఏమీ అందదు. క్యాప్షన్లు పెట్టడానికి రెండు మార్గాలున్నాయి. వీడియోలోనే అక్షరాలను ముద్రించడం ఒకటి; విడిగా ఒక ఫైలుగా జతచేయడం రెండోది. విడి ఫైలు అయితే చూసేవారు అక్షరాల సైజును, రంగును తమకు తగినట్టు మార్చుకోగలరు, అక్కరలేకపోతే ఆపుకోగలరు. అందుకే యూట్యూబ్‌లో విడి ఫైలే మేలు. వాట్సాప్ స్టేటస్‌లాంటి చోట విడి ఫైలుకు వీలుండదు కనుక వీడియోలోనే ముద్రించాలి. కాబట్టి ముందు ఫైలు తయారుచేసుకుని, దానిలోని మాటలనే ఎడిటింగ్ యాప్‌లో వాడుకుంటే పని ఒకసారితో పోతుంది.

యాప్ తనంతట తాను రాసిచ్చే క్యాప్షన్లను చిత్తుప్రతిగా తీసుకోండి, అంతకు మించి నమ్మకండి. వైద్యుడు "శుక్లం వారికి ముందు చూస్తాం" అన్నారు. యాప్ "శుక్రవారానికి ముందు చూస్తాం" అని రాసింది. శిబిరం ఆదివారం! వినగలిగేవారు నవ్వి ఊరుకుంటారు. క్యాప్షన్ మీదే ఆధారపడినవారు గురువారమే వచ్చి తాళం చూసి వెళ్లిపోతారు. ఊరి పేర్లు, మందుల పేర్లు, అంకెలు, "లేదు", "వద్దు" అనే మాటలు, వీటిని ప్రత్యేకంగా వెతికి సరిచూడండి. "బండి నడపవద్దు"లో చివరి "వద్దు" పోతే అర్థమే తలకిందులవుతుంది.

క్యాప్షన్ ఫైలు మామూలు నోట్‌ప్యాడ్‌లో రాయవచ్చు. ఒక్కొక్క ముక్కకు వరుస సంఖ్య, అది కనిపించే సమయం, మాటలు, ఆ తరువాత ఒక ఖాళీ వరుస ఉండాలి:

```
1
00:00:00,500 --> 00:00:04,000
డాక్టర్: ఆదివారం ఉదయం 9 గంటలకు
కంటి పరీక్షలు మొదలవుతాయి.

2
00:00:04,100 --> 00:00:07,000
శుక్లం ఉన్నవారిని
ముందు చూస్తాం.

3
00:00:07,200 --> 00:00:08,700
[ఫోన్ మోగుతోంది]

4
00:00:08,800 --> 00:00:12,800
కంట్లో చుక్కల మందు వేశాక
కొన్ని గంటలు బండి నడపవద్దు.
```

సమయంలో సెకన్ల తరువాత కామా ఉంది, చుక్క కాదు. చుక్క పెడితే కొన్నిచోట్ల ఫైలు తీసుకోదు. భద్రపరిచేటప్పుడు Save as లో ఫైలు పేరు చివర `.srt` ఉండాలి, Encoding దగ్గర UTF-8 ఉండాలి. ANSI అని ఉంటే మీ తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. తెర మీద `????` కనిపిస్తే కారణం ఇదే అనుకోండి.

యూట్యూబ్ స్టూడియోలో Subtitles తెరిచి, వీడియోను ఎంచుకుని, భాషగా Telugu కలిపి, Upload file లో With timing ఎంచుకుని ఈ ఫైలు ఇవ్వండి. ఫేస్‌బుక్‌లో ఫైలు పేరులోనే భాష చెప్పాలి. అంటే `shibiram.te_IN.srt` అన్నట్టు ఉండాలి.

ముక్కలు ఎక్కడ విరవాలి అన్నదానిలో ఎక్కువమంది తప్పు చేస్తారు. ఒక ముక్క రెండు వరుసలు దాటకూడదు, ఒక సెకను కన్నా తక్కువ ఉండకూడదు, ఏడు సెకన్లు మించకూడదు. అయితే అంతకన్నా ముఖ్యమైనది అర్థం ఎక్కడ ఆగుతుందో అక్కడ విరవడం. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక, "కొన్ని గంటలు బండి" ఒక ముక్కలో, "నడపవద్దు" తరువాతి ముక్కలో పడితే, మొదటి ముక్క చూసినవారు బండి గురించి ఏం చెబుతున్నారో తెలియక ఆగిపోతారు. క్రియను దాని కర్మ నుంచి విడదీయకండి. ముక్క సరిపడా సేపు ఉందో లేదో తెలుసుకోవాలంటే, అది తెర మీద ఉన్నంతసేపట్లో దానిని తొందరపడకుండా పైకి చదవగలగాలి. చదవలేకపోతే "అంటే", "మరి", "ఏమిటంటే" లాంటి ఊతపదాలను తీసేయండి. అసలు విషయాన్ని మాత్రం కుదించకండి.

మూడో ముక్కలోని చతురస్ర బ్రాకెట్లను చూడండి. వైద్యుడి బల్ల మీద ఫోన్ మోగింది, ఆయన ఒక్క క్షణం ఆగి పక్కకు చూశారు. ఆ శబ్దం రాయకపోతే ఆయన ఎందుకు ఆగారో వినికిడి లేనివారికి తెలియదు. ఇలా అర్థానికి అవసరమైన శబ్దాలను రాయండి. వెనకాల తిరిగే ఫ్యాను చప్పుడును రాయనక్కరలేదు. మాట్లాడేవారు మారినప్పుడు మొదట్లో "డాక్టర్:" అన్నట్టు ఎవరో చెప్పండి.

వీడియోలో ముద్రించే క్యాప్షన్లకు నల్లటి పట్టీ మీద తెల్లని అక్షరాలు వాడండి. వాటిని మరీ అడుగున పెట్టకండి. రీల్‌లో అడుగు భాగాన్ని ఖాతా పేరు, వివరణ కప్పేస్తాయి, కుడివైపు బొత్తాలుంటాయి. అడుగు నుంచి ఐదో వంతు ఎత్తు వదిలి, ఆ పైన పెట్టండి. రెండు వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు ఉన్నదానికన్నా ఎక్కువ ఉండాలి. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతుంటే ఆ ఎడం చాలలేదన్నమాట.

క్యాప్షన్లతో తీరనిది కూడా ఉంది. పుట్టుకతోనే వినికిడి లేనివారిలో కొందరికి మొదటి భాష భారతీయ సంకేత భాష. రాత తెలుగు వారికి తరువాత నేర్చుకున్న రెండో భాష. వారికి పొడవైన గ్రాంథిక వాక్యం కష్టమవుతుంది. వీడియో తీయకముందే మాట్లాడేవారితో చిన్న వాక్యాలు చెప్పించగలిగితే క్యాప్షన్లు కూడా చిన్నవవుతాయి. ఇక చూపు లేనివారికి క్యాప్షన్ల వల్ల ప్రయోజనం లేదు. వీడియోలో మాటల్లో చెప్పకుండా తెర మీద మాత్రమే చూపిన ఫోన్ నంబరు వారికి అందదు. దానిని వైద్యుడితో పైకి చెప్పించండి, లేదా కింద టైపు చేయండి.

పంపేముందు మీ ఫోన్‌లోనే చూసుకోండి

పోస్టును ముందు మీకు మాత్రమే కనిపించేలా పెట్టి మూడు పరీక్షలు చేయండి. ఫోన్ సెట్టింగులలో రంగుల దిద్దుబాటు దగ్గర గ్రేస్కేల్ పెట్టి పోస్టరు చూడండి; బూడిద రంగులో చదవగలిగితే రంగుల మీద ఆధారపడలేదని అర్థం. తరువాత శబ్దం పూర్తిగా తగ్గించి వీడియో చూసి, ఏం తెచ్చుకోవాలో, ఏం చేయకూడదో చెప్పగలరేమో చూసుకోండి. వీడియో తీసేటప్పుడు అక్కడ లేనివారికి చూపించి అడిగితే ఇంకా మంచిది, ఎందుకంటే మీకు ఆ మాటలు ముందే తెలుసు. చివరగా టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని పోస్టు వినండి. ఆన్ చేసేముందే దానిని ఎలా ఆపాలో చదివి పెట్టుకోండి, ఎందుకంటే అది పనిచేస్తున్నప్పుడు ఒకసారి తాకితే ఎంపిక మాత్రమే అవుతుంది, రెండుసార్లు వెంటవెంటనే తడితే గానీ తెరుచుకోదు. నేను మొదటిసారి దానిని ఆపలేక పావుగంట తంటాలు పడ్డాను.

తేదీ గానీ స్థలం గానీ మారితే పోస్టరును మాత్రమే మార్చి ఊరుకోకండి. పాత ఆల్ట్ టెక్స్ట్, కింద టైపు చేసిన వివరాలు, క్యాప్షన్ ఫైలు మూడింటిలోనూ పాత తేదీయే ఉండిపోతుంది, అది మీ కంటికి కనపడదు. యూట్యూబ్‌లో వీడియోను మార్చే వీలు లేకపోయినా క్యాప్షన్ ఫైలును తీసేసి కొత్తది ఎక్కించవచ్చు. మా శిబిరానికి హాలు చివరి వారంలో మారింది. పోస్టరు, పోస్టు సరిచేశాను గానీ ఆల్ట్ టెక్స్ట్ సంగతి మరిచిపోయాను. ఆదివారం ఉదయం పాత హాలు గేటు దగ్గర తెల్ల కర్రతో ఒకాయన నిలబడి ఉన్నారని వాచ్‌మన్ ఫోన్ చేస్తే వెళ్లి తీసుకొచ్చాను.